బాలనాగమ్మకు ముప్పై ఎనిమిది మంది వీడ్కోలు

వనపర్తి పల్లికాయ మిల్లులో గింజలు ఏరే ఆడవాళ్లు ముప్పై తొమ్మిది మంది. వాళ్లలో చదువు వచ్చింది ఒక్క సావిత్రమ్మకే. మాలవాడ మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత పెళ్లయింది, చేను పనులు వచ్చాయి, పలక మూలన పడింది. ఆదివారం మిషన్ గుడిలో వాక్యం చదవమన్నప్పుడు తప్ప అక్షరంతో ఆమెకు పని పడేది కాదు. మిల్లులో ఆమె ఉత్తరం రాయగలదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. తెలిసిన మనిషి బాలనాగమ్మ.

బాలనాగమ్మ ఆ ఏరే కొట్టానికి పెద్ద. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. బిజినేపల్లి వైపు నుంచి వచ్చిన కాపు మనిషి. వరుసగా రెండేళ్లు వానలు ఎగ్గొడితే మొగుడు దశరథంతో కలిసి వనపర్తి చేరింది. అతను బండి తోలాడు, ఆమె మిల్లులో చేరింది. ఏడు పంట కాలాలు గడిచేసరికి ఏ గింజ ఏ ఊరి చేలో పండిందో రంగు చూసి చెప్పగలిగే స్థితికి వచ్చింది. ఎవరూ ఆమెను పెద్దగా నియమించలేదు. ఏదైనా అనుమానం వస్తే అందరూ ఆమె ముఖం చూసేవాళ్లు, అంతే.

ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, శివరాత్రి వెళ్లిన వారానికి కొట్టంలో ఒక మాట పొక్కింది. బాలనాగమ్మ గద్వాలలో కొత్తగా పెట్టిన పల్లికాయ కంపెనీకి వెళ్లిపోతోంది. మధ్యాహ్నం గంట కొట్టి ఇంజను ఆగగానే ఆమే అందరినీ పిలిచి చెప్పింది.

"వచ్చే సోమవారం నుంచి నేను గద్వాల పోతున్న. ఈడి సేటు, ఆడి సేటు చుట్టాలే. ఇద్దరు ఒప్పుకున్నరు."

అందరికంటే వయసులో పెద్దది జంగమ్మ. ఆమె మొహం తిప్పుకుంది.

"పో. నువ్వు బాగుపడితె మాకేమొస్తది? ఇన్నేళ్లు మమ్ముల నమ్మించినవ్."

"ఏం పెద్దది చేస్తరంట నిన్ను ఆడ?" అని ఇంకొకామె అడిగింది.

"పెద్ద లేదు, గిద్ద లేదు. వరుసల కూసునుడే. ఆడ మగ మేస్త్రి ఉన్నడు. కానీ ఆడ జల్లెడ మిషిన్ వచ్చిందంట. గింజను లావుది లావుదాంట్ల, సన్నది సన్నదాంట్ల అదే పంచుతదంట. అది ఎట్ల నడుస్తదో నాకు చూడాలెనని ఉన్నది. నేను నేర్చుకునేది ఇంకా ఉన్నది అక్కా."

ఆ చివరి మాట సావిత్రమ్మ మనసులో నాటుకుంది. నలభై అయిదేళ్ల మనిషి, చేతికి వచ్చిన పెద్దరికం వదులుకుని, నేర్చుకోవడానికి కొత్త చోట కింద కూర్చుంటానంటోంది. ఇలాంటి మనిషిని ఏడుపుతో సాగనంపితే బాగుండదనిపించింది. కిందటేడు తాలూకా ఆఫీసు పెద్ద బదిలీ అయినప్పుడు ఊరి పెద్దలు రంగు కాగితం మీద సన్మాన పత్రం అచ్చు వేయించి చదివి ఇచ్చారు. గుంపు వెనక నిలబడి సావిత్రమ్మ కూడా విన్నది. తామెందుకు ఇవ్వకూడదు?

మునీం భీమయ్య మిల్లు లెక్కలూ మనుషులూ చూసుకునేవాడు. శనివారం మధ్యాహ్నం అరగంట ఎక్కువ విరామం ఇవ్వమని అడగడానికి ఆమె అతని దగ్గరికి వెళ్లింది.

"బాలనాగక్కకు ఒక వీడ్కోలు పత్రం చదువుదమనుకుంటున్నం మునీం సాబ్."

భీమయ్య నవ్వాడు. "పత్రమా? గవి తాసీల్దార్లకు ఇస్తరమ్మా. గింజలేరెటోళ్లకు ఎవరన్న ఇస్తరా?"

"ఇయ్యొద్దని ఎక్కడన్న రాసున్నదా సాబ్?"

అతను కాసేపు ఆమె వంక చూసి, "సరే, శనివారం కానియ్యు. జర తొందరగ ముగియాలె" అన్నాడు.

అప్పటికి నాలుగు రోజులు మిగిలాయి. సావిత్రమ్మ ఒక ఠావు తెల్ల కాగితం, రాసి చింపడానికి కొన్ని పాత కాగితాలు సంపాదించింది. మిషన్ బడి పంతులమ్మ కలం, సిరాబుడ్డి అరువిచ్చింది. బుధవారం పొద్దున పని మొదలవకముందే మిల్లు అరుగు మీద కూర్చుని మొదలుపెట్టింది. సన్మాన పత్రంలో విన్న పద్ధతే రాసింది: సకల సద్గుణ సంపన్నురాలు, దయాసముద్రురాలు, కీర్తి దిగంతాలకు వ్యాపించిన మహనీయురాలు. అర పేజీ నిండింది. తిరిగి చదువుకుంటే అందులో బాలనాగమ్మ ఎక్కడా కనిపించలేదు. పేరు మార్చి ఎవరికి చదివినా సరిపోతుంది. చించేసింది.

మధ్యాహ్నం మళ్లీ రాసింది. ఈసారి మనసులో ఉన్నది ఉన్నట్టు పెట్టింది. నువ్వు పోతే మాకు దిక్కెవరు, మమ్ముల వదిలి ఎట్ల పోతవు, ఈ కొట్టం చీకటైతది అంటూ. రాస్తుంటే తనకే కన్నీళ్లొచ్చాయి. సాయంత్రం ఇంటికెళ్లి మొగుడు శాంతయ్యకు చదివి వినిపించింది. శాంతయ్య బస్తాలు మోసే మనిషి. తక్కువ మాట్లాడతాడు.

"మంచిగనే ఉన్నది. కానీ ఇది విన్నాక ఆమె పోతదా, ఉంటదా?" అన్నాడు.

సావిత్రమ్మకు చురుక్కుమంది. నిజమే. ఈ కాగితం ఆమె కాళ్లకు తాడు కడుతోంది. వెళ్లే మనిషి చేతిలో పెట్టాల్సింది బరువు కాదు. అది కూడా చించేసింది.

గురువారం ఆమె కలం ముట్టుకోలేదు. చేతులు గింజలు ఏరుతుంటే పక్కవాళ్లను ఒక్కొక్కరినే అడుగుతూ పోయింది.

"బాలనాగక్క గురించి ఒక్క మాట చెప్పు."

"మంచి మనిషి."

"మంచిదంటే? ఏం చేసింది? ఎప్పుడు?"

మొదట అందరూ బంగారమనీ, దేవతనీ అన్నారు. సావిత్రమ్మ వదల్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నది అని గుచ్చి గుచ్చి అడిగింది. అప్పుడు కదిలాయి అసలు సంగతులు. ఒకామెకు చేట పట్టే పద్ధతి మార్చి చూపిందట, అప్పటి నుంచి ఆమె మణికట్టు నొప్పి పోయిందట. ఇంకొకామె మొదటి రోజు ఎండిన గింజల్లో ముడత గింజలు వదిలేస్తే కేకలేయకుండా ఆ గింజను ఆమె అరచేతిలోనే పెట్టి "నువ్వే చూడు" అన్నదట. ఇలాంటివి పాతికకు పైగా పోగయ్యాయి. అన్నీ రాస్తే వినేవాళ్లు నిద్రపోతారు. అందరికీ సంబంధించినవీ, ఆమె చేయి తప్ప ఇంకెవరి చేయీ కనిపించనివీ నాలుగు చాలనుకుంది.

జంగమ్మ మాత్రం మూతి బిగించుకుని కూర్చుంది. సావిత్రమ్మ ఆమెను అడగలేదు. సాయంత్రం చేటలు దులుపుకునే వేళకు జంగమ్మే దగ్గరికి వచ్చింది.

"నన్నెందుకు అడగలే?"

"నువ్వు కోపంల ఉన్నవని పెద్దమ్మా."

జంగమ్మ గొంతు తగ్గించింది. "రెండేళ్ల నుంచి నా కండ్లు మసక. మంచి గింజ, పలిగిన గింజ తేడా తెల్వది. ఎవరికి చెప్పలే, చెప్తే పని పోతదని. ఆమెకు ఎట్ల తెలిసిందో. ఒకనాడు దబ్బనం, పురికొస నా చేతిల పెట్టి 'నీ చేతి కుట్టు గట్టిది, సంచులు నువ్వే కుట్టు' అన్నది. కండ్ల మాటే ఎత్తలే. కుట్టుడుకు కండ్లెందుకు, వేళ్లు చాలు. గప్పటి నుంచి నేను కుట్టిన సంచి ఒక్కటి విడవలే."

సావిత్రమ్మ చేట కింద పెట్టింది. "ఇది రాయాలా పెద్దమ్మా? మునీం వింటడు. నువ్వు రాయొద్దంటే రాయ."

జంగమ్మ ఆలోచించింది. "రాయి. నా కుట్టు చూసుకోమను. రాయి, పేరు పెట్టే రాయి."

మిగిలిన చిక్కు ఒక్కటే. బాలనాగమ్మ చేసిన వాటిలో అన్నిటికంటే పెద్దది రెండేళ్ల కిందటి మద్రాసు సరుకు సంగతి. అది లేకుండా పత్రం రాస్తే ఉప్పు లేని కూర అవుతుంది. కానీ అది రాస్తే భీమయ్యకు తగులుతుంది.

జరిగింది ఇది. కాయను మిషనులో వేసేముందు నీళ్లు చల్లితే దుమ్ము లేవదు, గింజ తక్కువ పగులుతుంది. ఆ సంవత్సరం భీమయ్య తొందర కొద్దీ ఎక్కువ నీళ్లు చల్లించాడు. చెమ్మ మీదనే గింజను సంచుల్లో నింపించాడు. మద్రాసు చేరేసరికి గింజ ముక్కవాసన వేసింది. ఒక వ్యాగను సరుకు వెనక్కి వచ్చింది. ఆడవాళ్లు చెడ్డ గింజ ఏరకుండా వదిలేశారని భీమయ్య సేటుతో చెప్పాడు. ముప్పై తొమ్మిది మందినీ తీసేయాలన్న మాట వచ్చింది. అప్పుడు బాలనాగమ్మ సేటు ముందుకు నడిచి వెళ్లింది. వచ్చిన సంచి విప్పి పిడికెడు గింజ తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది. పొట్టు ఊడలేదు. నీళ్లు తగలని కాయను అక్కడికక్కడే ఒలిచి నలిపింది. పొట్టు జారి ఊడిపోయింది. ఒక్క మాట మాట్లాడకుండా రెండూ సేటు చేతిలో పెట్టింది. చెడింది ఏరడంలో కాదు, తడిలో అని సేటుకు అర్థమైంది. తర్వాత ఆ సరుకంతా కళ్లంలో పలచగా పరిపించింది. మూడు రోజులు ఆడవాళ్లందరూ ఎండలో గింజ తిరగేస్తూ నల్లబడిన ప్రతిదాన్నీ ఏరేశారు. మళ్లీ నింపి పంపిన సరుకును మద్రాసు వాళ్లు తీసుకున్నారు. ఎవరి పనీ పోలేదు.

శుక్రవారం పొద్దున సావిత్రమ్మ ఈ ఒక్క పేరాను మూడుసార్లు రాసింది. మొదటిదాంట్లో భీమయ్య పేరుంది. రెండోదాంట్లో పేరు లేదు కానీ, కొందరి తప్పు మా మీద వేసిన్రు అన్న మాట ఉంది. ఇది బాలనాగమ్మకు ఇచ్చే కాగితమా, భీమయ్య మీద పెట్టే ఫిర్యాదా అని తనను తాను అడిగింది. మూడోసారి ఎవరు తప్పు చేశారో రాయలేదు. ఎవరు నిలబడ్డారో మాత్రం రాసింది. అబద్ధం ఒక్కటీ లేదు, ఎవరికీ ముల్లూ లేదు. అది కుదిరిందనిపించాక తెల్ల ఠావు తీసి నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసింది. తాము మాట్లాడుకునే మాటల్లోనే రాసింది. చదివేది వినేవాళ్లకు అందకపోతే ఎందుకు?

శనివారం ఉదయం కాగితం వెనకవైపు అందరూ వేలిముద్రలు వేశారు. ఒక్కొక్క ముద్ర కింద సావిత్రమ్మ పేరు రాసింది. జంగమ్మ బొటనవేలు సిరాలో ముంచి, గట్టిగా ఒత్తి, "కనబడ్తుందా?" అని రెండుసార్లు అడిగింది.

మధ్యాహ్నం గంట కొట్టారు. ఇంజను ఆగింది. ఆ రోజే గద్వాల కంపెనీ మేనేజరు వీరభద్రప్ప వనపర్తి వచ్చాడు. కళ్లం చూసి, కొత్తగా చేరే బాలనాగమ్మతో మాట్లాడి పోదామని అతని ఉద్దేశం. రాయచూరు వైపు మనిషి. తెలుగు మాట్లాడుతూ మధ్యలో కన్నడం పడేసేవాడు. భీమయ్యతో పాటు కొట్టం గుమ్మంలో నిలబడి, ఇదేమిటని అడిగాడు. భీమయ్య చెప్పాడు. "హౌదా, అట్లనా?" అని ఆయన గోడకు ఆనుకున్నాడు.

బాలనాగమ్మను మధ్యలో కూర్చోబెట్టారు. ఎవరో బంతిపూల దండ వేశారు. ఆమె ఇబ్బందిగా చేతులు ఒడిలో పెట్టుకుంది. సావిత్రమ్మ లేచి నిలబడింది. కాగితం పైకెత్తి పట్టుకుంది. మొదటి వాక్యం ముందు వరసకు కూడా వినపడలేదు. "జర గట్టిగ సావిత్రీ" అని జంగమ్మ అరిచింది. ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది.

"బాలనాగక్కకు,

వనపర్తి మిల్లుల నీతోని పని చేసిన ముప్పై ఎనిమిది మందిమి చెప్పుకునే మాట.

నువ్వు సోమవారం నుంచి గద్వాల కంపెనీకి పోతున్నవ్. ఏడు పంటలు మనం ఒక్క కొట్టంల కూసున్నం. పోతున్న మనిషికి ఏమియ్యాలె అని ఆలోచన చేస్తే, నీతోని చేసిన పని మాకు యాదికున్నదని చెప్పుడే మంచిదనిపించింది.

ఈ కొట్టంల కొత్తగ ఎవరొచ్చినా మూడు దినాలు నీ పక్కన కూసోబెట్టుకున్నవ్. తప్పు గింజ వదిలితె తిట్టలే. ఆ గింజ మా అరచేతిల పెట్టి, నువ్వే చూడు అన్నవ్. గట్ల చూసి చూసి మాకు కండ్లొచ్చినయ్.

దర్వాజ కాడ ఎవరు కూసోవాలె, నడుమ ఎవరు కూసోవాలె అని మొదట్ల ఒక పద్ధతుండె. వెలుతురున్న జాగ ఏరే చేతిది అని నువ్వన్నవ్. ఆ దినం నుంచి ఎవరి కన్ను చురుకైతె వాళ్లు కిటికి కాడ కూసున్నం.

జంగమ్మ కండ్లు మసకబారినయని ఎవరికి చెప్పకుండనే నువ్వు తెలుసుకున్నవ్. ఆమెకు దబ్బనమిచ్చి సంచులు కుట్టుమన్నవ్. రెండేళ్లల జంగమ్మ కుట్టిన సంచి ఒక్కటి విడవలే. ఇది జంగమ్మనే రాయమన్నది.

మద్రాసు నుంచి సరుకు వాపసొచ్చిన ఏడు మాకు పనుంటదో పోతదో తెల్వకుండె. నువ్వు సేటు ముంగట తడి గింజ, పొడి గింజ రెండు నలిపి చూపినవ్. కొట్లాడలే, ఏడ్వలే. గింజతోనే మాట్లాడిచ్చినవ్. తర్వాత మూడు దినాలు ఎండల మాకంటె ముందు నువ్వే నిలబడ్డవ్. ఆ సరుకు మళ్ల మద్రాసు పోయింది, వాపసు రాలే. ఆ దినం నుంచి ఏ కాయ వొచ్చినా చెవి కాడ పెట్టి ఊపి, గలగలమంటదా అని చూసుకునుడు మాకు అలవాటైంది.

నువ్వు నేర్పింది నీతోని పోదు. ఈడనే ఉంటది. మేం చూసుకుంటం. నువ్వు ఎనక్కి చూసి పరేషాన్ కావొద్దు.

గద్వాలల జల్లెడ మిషిన్ నేర్చుకో. నువ్వు నేర్చుకోని పని ఉండొద్దు. ఆడి ఆడోళ్లకు కూడ గింజ అరచేతిల పెట్టి చూపు. ఇయ్యాల నువ్వు వరుసల కూసుంటానికి పోతున్నవ్. ఒకనాడు ఆ కొట్టం మొత్తం నీ మాట మీద నడవాలె. నీ ఒళ్లు మంచిగుండాలె, నీ చెయ్యి ఇంకా పెద్దది కావాలె.

ఇట్లు, నీతోని ఏరినవాళ్లు."

చివరి మాట చదివాక ఒక్కసారిగా అందరూ చేటలు తట్టారు. ముప్పై ఏడు చేటల చప్పుడుకు రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి. బాలనాగమ్మ కళ్లు తుడుచుకోలేదు. తల ఎత్తి కూర్చుంది. ఏడేళ్లుగా ఎవరికీ కనిపించలేదనుకున్నవన్నీ ఇంతమందికి కనిపించాయి.

వీరభద్రప్ప ముందుకు వచ్చాడు. కాగితం అడిగి తీసుకుని, తిప్పి వేలిముద్రలు చూశాడు.

"ఇది మీకు ఎవరు రాయమన్నరు?"

"ఎవరు రాయమనలే సాబ్. మేమే అనుకున్నం" అంది సావిత్రమ్మ.

"ఈ మద్రాసు సరుకు మాట నిజమేనా?" ఆ ప్రశ్న ఆడవాళ్లను కాదు, భీమయ్యను చూసి అడిగాడు.

ఆడవాళ్లంతా అటే చూశారు. భీమయ్య తలపాగా సర్దుకున్నాడు. పత్రం చదువుతున్నంతసేపూ తన పేరు ఎప్పుడొస్తుందా అని అతను నిలబడ్డాడు. అది రాలేదు. రాకపోవడమే అతన్ని మాట్లాడించింది.

"నిజమే సాబ్. నీళ్లు ఎక్కువ చల్లుమన్నది నేను. తప్పు వీళ్ల మీదకు నెట్టింది కూడ నేనే. ఆమె ఆ దినం నిలబడకపోతె మిల్లు పేరు పోయేది. ఇన్నొద్దులు నేను ఆ మాట అనలే, ఇయ్యాల అంటున్న."

వీరభద్రప్ప కాగితం మడవలేదు. అలాగే పట్టుకుని బాలనాగమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నిన్ను వరుసల కూసోబెడ్తమని అన్న. మా మేస్త్రి మంచోడే, కానీ ఆయన తూకం మనిషి, గింజ మనిషి కాదు. ఆయన తూకం, బస్తాలు చూసుకుంటడు. ఏరే కొట్టం నువ్వు చూసుకో. మా దగ్గర అరవై మంది ఆడోళ్లున్నరు. ఒప్పుకుంటవా?"

కొట్టంలో గుసగుసలు లేచాయి. బాలనాగమ్మ వెంటనే తల ఊపలేదు. దండ తీసి పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఒప్పుకుంట సాబ్. కానీ ఒక్క మాట. తడి గింజ వస్తే మిషిన్ ఆపుమనే మాట నాకుండాలె. నేను ఆపుమంటె ఆపాలె. తర్వాత అడగండ్రి ఎందుకని. ముందుగాల ఆగాలె."

"ఉంటది."

"ఈ మాట మీ మేస్త్రి ముంగట కూడ చెప్పాలె."

వీరభద్రప్ప నవ్వేశాడు. "చెప్త. ఈ కాగితం కూడ ఆయనకు చదివి వినిపిస్త."

అప్పుడు మళ్లీ చేటలు మోగాయి, ఈసారి ఇంకా గట్టిగా. "మన బాలనాగమ్మ గెలిచిందే!" అని జంగమ్మ ఆమె భుజం మీద చేయి వేసి ఊపింది. నాలుగు రోజుల కిందట మొహం తిప్పుకున్న మనిషే.

బాలనాగమ్మ సావిత్రమ్మ దగ్గరికి వచ్చింది. "ఇన్ని సంగతులు నేను చేసిననని నాకే యాదిలేదు సావిత్రీ. ఇంకొక్కసారి చదువు." సావిత్రమ్మ మళ్లీ మొత్తం చదివింది. ఈసారి గట్టిగా చదవమని ఎవరూ చెప్పాల్సి రాలేదు. అరగంట విరామం గంటకు పైనే సాగింది. ఇంజను వేయించమని భీమయ్య ఎవరికీ చెప్పలేదు.

సోమవారం తెల్లవారి దశరథం బండి కట్టాడు. వనపర్తి రోడ్డు స్టేషనుకు వెళ్లి అక్కడ రైలెక్కాలి. మిల్లు ముందు బండి ఆపించి బాలనాగమ్మ దిగింది. ఆ రోజు ఏరడానికి వచ్చిన మొదటి కాయ పిడికెడు తీసి చెవి దగ్గర ఊపి, "మంచిగున్నది, కానియ్యండ్రి" అని బండెక్కింది. ఎవరూ ఏడవలేదు. పత్రంలో పరేషాన్ కావొద్దని తామే రాశారు కదా.

ఆ వారంలోనే భీమయ్య సావిత్రమ్మను పిలిచి, ఏరే కొట్టం చూసుకోమన్నాడు. మాల పిల్ల మాట కాపువాళ్లు వింటారా అని బయట ఒకరిద్దరు సణిగారు. లోపల ఎవరూ సణగలేదు. అనుమానం వచ్చిన గింజను ఆమె దగ్గరికే తెచ్చారు. ఆమె దాన్ని వాళ్ల అరచేతిలోనే పెట్టింది. జంగమ్మ చివరిదాకా సంచులు కుట్టింది. భీమయ్య ఆమె కుట్టు చూడడానికి అప్పుడప్పుడు వచ్చి, లాగి చూసి, ఏమీ అనకుండా వెళ్లేవాడు.

సావిత్రమ్మకు కొత్త పని కూడా ఒకటి వచ్చిపడింది. ఊళ్లో ఎవరు ఏ పని మారినా, ఏ ఊరు వెళ్తున్నా వీడ్కోలు రాయమని ఆమె ఇంటి అరుగు మీదకు వచ్చేవారు. బడి పంతులు నాగర్‌కర్నూలుకు బదిలీ అయితే పిల్లల తల్లులు వచ్చారు. టపా మోసే మనిషి గద్వాలకు వెళ్తుంటే సాటి హర్కారాలు వచ్చారు. "ఏం రాయమంటరు?" అని ఆమె అడిగేది కాదు. "ఆయన మీతోని ఏం చేసిండు? ఎప్పుడు?" అని అడిగేది. వాళ్లు చెప్పుకుంటూ చెప్పుకుంటూ తమకే తెలియని సంగతులు బయటికి తీసేవాళ్లు. అలకలుంటే అక్కడే సగం తీరేవి. పంతులు మీద కోపంతో వచ్చిన ఒక తల్లి, తన కొడుకుకు ఆయన ఎక్కాలు నేర్పిన సంగతి చెప్పి ఏడ్చి వెళ్లింది.

మరుసటి ఏడాది పంట కాలంలో గద్వాలలో గుడి పెద్దల కూటమి జరిగింది. శాంతయ్యతో పాటు సావిత్రమ్మ కూడా వెళ్లింది. రైలు కృష్ణ వంతెన దాటుతుంటే కిటికీకి అతుక్కుపోయి చూసింది. కూటమి అయ్యాక కంపెనీ ఎక్కడని అడుగుతూ నడిచి వెళ్లింది.

కొట్టం పెద్దది. ఒక చివర జల్లెడ మిషను ఊగుతూ, లావు గింజను ఒక తొట్టిలోకీ, సన్నదాన్ని ఇంకో తొట్టిలోకీ రాలుస్తోంది. దాని పక్కన బాలనాగమ్మ నిలబడి ఉంది. కొంగు నడుముకు చుట్టుకుని, చేయి ఎత్తి ఏదో సైగ చేసింది. మిషను నడిపే మనిషి వెంటనే ఆపాడు. ఆమె గింజ తీసి నలిపి, తల ఊపింది. మిషను మళ్లీ కదిలింది. అప్పుడు ఆమెకు గుమ్మంలో ఉన్న సావిత్రమ్మ కనిపించింది.

చేతిలో గింజలు రాలిపోయేంత వేగంగా వచ్చి ఆమె చేయి పట్టుకుంది. కొట్టంలోకి లాక్కొచ్చి, మిషను చప్పుడు మించేలా అరిచింది.

"చూడండ్రి! ఈమెనే సావిత్రమ్మ! మొదటి దినం మేనేజర్ సాబ్ మీకు చదివిన కాగితం రాసింది ఈ చెయ్యే!"

అరవై మందీ లేచి నిలబడ్డారు. వాళ్లల్లో ఎవరినీ సావిత్రమ్మ ఇంతకుముందు చూడలేదు. వాళ్లకు మాత్రం ఆమె ఎరిగిన మనిషే. ఒకామె పక్కకు జరిగి తన చోట కూర్చోమంది. ఇంకొకామె మంచినీళ్లు తెచ్చింది. జల్లెడ మిషను ఎలా నడుస్తుందో చూపిస్తానని బాలనాగమ్మ ఆమె భుజం మీద చేయి వేసి అటు తీసుకెళ్లింది. ఏ పిడి తిప్పితే ఏ జల్లెడ కదులుతుందో, ఏ రంధ్రం ఏ గింజకు సరిపోతుందో ఒక్కొక్కటే చెప్పింది. సావిత్రమ్మ పిడి పట్టుకుని తిప్పింది. గింజలు రెండు ధారలుగా విడిపోయి పడ్డాయి. "ఇంకొక్కసారి తిప్పు" అంది బాలనాగమ్మ. సావిత్రమ్మ నవ్వుతూ మళ్లీ తిప్పింది.